పాలు పడకపోవడం: తాతగారిది వేరు, మనవడిది వేరు

మా బాబుకు 14 నెలలు, బరువు 10 కిలోలు. పోయిన నెల బంధువుల ఇంట్లో రెండు చెంచాల సేమ్యా పాయసం పెట్టాం. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, పొట్టమీదా వీపుమీదా దద్దుర్లు లేచాయి, మూడుసార్లు వాంతి చేసుకుని సోలిపోయాడు. పక్క వీధి క్లినిక్‌లో ఏదో ఇంజక్షన్ చేస్తే తగ్గింది. ఎనిమిదో నెలలో చెంచాడు పెరుగన్నం పెట్టినప్పుడు కూడా గడ్డం చుట్టూ ఎర్రగా లేచింది, పులుపేమో అనుకున్నాం. మా మామగారికీ పాలు పడవు. తాగితే గ్యాసు, కడుపులో మెలిపెట్టడం, ఒకటి రెండు విరేచనాలు. పెరుగు మాత్రం హాయిగా తింటారు. "తాత పోలిక, రోజుకో చెంచా మజ్జిగ అలవాటు చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు అత్తయ్యగారు. మావారు లాక్టోజ్ లేని పాల ప్యాకెట్ తెచ్చారు. బాబుకు పట్టవచ్చా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

ఆ ప్యాకెట్ మీ మామగారికి ఇవ్వండి, ఆయనకు పనికొస్తుంది. బాబుకు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. మజ్జిగ అలవాటు చేయడం కూడా వద్దు. పరీక్షలు పూర్తయ్యేదాకా పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, జీడిపప్పు ఏ రూపంలోనూ పెట్టకండి. జీడిపప్పు సంగతి ఎందుకు వచ్చిందో కాస్త ముందుకు వెళ్లాక చెబుతాం.

మీ ఇంట్లో గందరగోళానికి సగం కారణం మన మాటే. కడుపు ఉబ్బరించినా "పడలేదు" అంటాం, మూతి వాచినా "పడలేదు" అంటాం. మీ మామగారికి పడనిది పాలలోని చక్కెర. బాబుకు పడనిది, ఇప్పటికి కనిపిస్తున్నదాన్ని బట్టి, పాలలోని ప్రోటీన్. గ్లాసు ఒకటే అయినా జబ్బులు రెండు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం రెండోదానికి ప్రమాదం కావచ్చు.

ముందు మామగారి కడుపు సంగతి చూద్దాం, అది తేలిక. పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. 100 మిల్లీలీటర్ల పాలలో అది 5 గ్రాముల దాకా ఉంటుంది. చిన్నపేగు లోపలి గోడమీద ఉండే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని రెండు ముక్కలు చేస్తేనే ఒంటికి పడుతుంది. పసితనంలో దాదాపు అందరికీ ఈ ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది, దక్షిణాది వాళ్లలో ఇది మరీ మామూలు. ముక్క కాని లాక్టోజ్ పెద్దపేగులోకి జారి, వెంట నీటిని లాక్కుంటుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు తయారుచేస్తాయి. పొట్టలో గుడగుడ, ఉబ్బరం, మెలిపెట్టడం, పల్చటి విరేచనం అన్నీ ఇందులోంచే పుడతాయి. దోసెల పిండి పొంగినట్టే అనుకోండి, కాకపోతే పొంగేది పేగులో. ఇందులో రోగనిరోధక వ్యవస్థకు ఏ పాత్రా లేదు. కాబట్టి దద్దుర్లు రావు, పెదవులు ఉబ్బవు, ఊపిరి బిగుసుకోదు. బాధపెడుతుంది, నలుగురిలో ఇబ్బంది పెడుతుంది, ప్రాణం మాత్రం తీయదు.

ఇది మోతాదును బట్టి నడిచే బాధ. లాక్టోజ్ అరగనివాళ్లలో ఎక్కువమంది ఒక్కసారికి 12 గ్రాముల దాకా, అంటే ఒక గ్లాసు పాలలో ఉండేంత, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. అన్నంతోపాటు తీసుకుంటే మరింత తేలిక. పరగడుపున గ్లాసెడు పాలు తాగితే మెలిపెట్టినవాళ్లే, 100 మిల్లీలీటర్ల పాలు పోసిన ఫిల్టర్ కాఫీ తాగి హాయిగా తిరుగుతారు. అందులో లాక్టోజ్ 5 గ్రాములే మరి. పెరుగు పడటానికీ కారణం ఉంది. తోడుకునేటప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తాయి. మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్‌ను కూడా తమతోపాటు పేగులోకి మోసుకెళ్తాయి. లాక్టోజ్ లేని పాలు తయారుచేసే పద్ధతీ అలాంటిదే: పాలలో లాక్టేజ్ కలిపి చక్కెరను ముందే ముక్కలు చేస్తారు. అందుకే అవి నాలుకకు కొంచెం తియ్యగా తగులుతాయి. గమనించండి, చక్కెరను మాత్రమే ముక్కలు చేశారు. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, ఉన్నది ఉన్నట్టే ఉంది.

బాబు విషయం ఇక్కడే తెగుతుంది. పాలలో ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు 3 గ్రాముల పైచిలుకు. అందులో పెద్దభాగం కేసిన్, పాలు విరిగినప్పుడు ముద్దకట్టేది అదే. తేరుకున్న నీటిలో ఉండిపోయేవి వే ప్రోటీన్లు. కొందరు పిల్లల ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ వీటిని శత్రువులుగా గుర్తుపట్టి, ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. ఇవి చర్మంలో, పేగు గోడలో, శ్వాసనాళాల్లో కాపలా ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. ఆ ప్రోటీన్ మళ్లీ తగలగానే కణాలు పగిలినట్టుగా హిస్టమిన్ వగైరాలను ఒక్కుమ్మడిగా కక్కుతాయి. చర్మంలో కక్కితే దద్దుర్లు, పెదవుల్లో వాపు, పేగులో వాంతి, శ్వాసనాళంలో దగ్గు, పిల్లికూతలు. రక్తనాళాలన్నీ ఒకేసారి సడలితే బీపీ పడిపోతుంది.

వాంతి దగ్గరే చాలామంది పొరబడతారు. వాంతి అనగానే "కడుపు విషయం, అజీర్తి" అనుకుంటాం, లేదా తిన్నది పాడైంది అంటాం. మీ క్లినిక్‌లోనూ అలాగే అనుకుని ఉండవచ్చు. ఒక్క వాంతిని చూసి ఏదీ తేల్చలేం, దానికి తోడుగా ఏం వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది అన్నదే ఆధారం. ఐజీఈ అలర్జీ తిన్న నిమిషాల్లో మొదలవుతుంది, ఎంత ఆలస్యమైనా సాధారణంగా రెండు గంటల లోపే. పాడైన తిండి వల్ల వచ్చే వాంతులకు దద్దుర్లు, మూతివాపు సాధారణంగా తోడు రావు, ఒకే గిన్నెలో తిన్న మిగతావాళ్లలో కూడా ఎవరో ఒకరు పడతారు. మీ బాబుకు పది నిమిషాల్లో చర్మం, పెదవులు, కడుపు మూడూ ఒకేసారి తిరగబడ్డాయి. వాంతి ఒక్కసారితో ఆగక మూడుసార్లు అయింది, పిల్లవాడు సోలిపోయాడు. ఆ సోలిపోవడాన్ని వాంతుల నీరసంగా తీసిపారేయకండి, బీపీ తగ్గుతున్నప్పుడు పసిపిల్లలు అలాగే కనిపిస్తారు. చర్మంమీద లక్షణాలతోపాటు ఆగని వాంతులు కలిస్తే దాన్ని అనాఫిలాక్సిస్‌గానే, అంటే ప్రాణంమీదికి తెచ్చే అలర్జీగానే లెక్కవేయాలి. ఊపిరి ఆడుతోంది కదా అని తక్కువ చేయడానికి లేదు.

ఎనిమిదో నెలలో గడ్డం చుట్టూ వచ్చిన ఎరుపు గురించి. పులుపు వల్ల మూతి చుట్టూ చర్మం ఎర్రబడటం నిజంగానే ఉంది, టమాటా రసం, నిమ్మరసం కారిన చోట చాలామంది పిల్లలకు అలా అవుతుంది. కానీ అది తగిలిన మేరకే చదునుగా ఎర్రబడి, కాసేపట్లో పోతుంది. దోమ కుట్టినట్టు ఉబ్బుగా లేచి, దురదపెట్టి, తగలని చోటికి కూడా పాకితే అది దద్దురు. అప్పటి ఫొటో ఏదైనా ఫోన్‌లో ఉంటే దాచండి, డాక్టరుకు పది మాటలకంటే అది ఎక్కువ చెబుతుంది.

ఇక పాయసాన్ని విడదీద్దాం. సేమ్యా పాయసంలో పాలు, నెయ్యి, సేమ్యా, చక్కెర, యాలకులు, జీడిపప్పు, కిస్‌మిస్ ఉంటాయి. సేమ్యా అంటే గోధుమ. బాబు ఇదివరకే చపాతీ, గోధుమరవ్వ ఉప్మా తిని బాగానే ఉన్నాడంటే గోధుమను జాబితాలోంచి కొట్టేయవచ్చు. పెరుగన్నంలో ఉన్న అనుమానితుడు పెరుగొక్కటే, అది పాయసంలోని పాలతో కలుస్తోంది. రెండుసార్లూ కనిపించింది పాలే కాబట్టి మొదటి వేలు పాలమీదికే. అయితే జీడిపప్పు బాబుకు పాయసంలోనే మొదటిసారి తగిలి ఉంటే దాన్ని వదిలేయలేం. తీవ్రమైన అలర్జీలు తెచ్చే గింజల్లో జీడిపప్పు ఒకటి, పైగా నేతిలో వేయించి పాయసమంతా కలిపేస్తారు. "పాలే" అని తీర్మానించుకుని రేపు కాజూ కత్లీ ముక్క నోట్లో పెడితే, అసలు దొంగ అదే అయితే ఏం కావాలి? అందుకే రెండింటినీ పరీక్షించమంటున్నాం. పాయసం చేసినవాళ్లకు ఫోన్ చేసి ఇంకేం వేశారో అడగండి. బాదం పొడి, పాలపొడి, కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఎవరూ చెప్పకపోవడం మామూలే.

అలాగని మిగతా తిండి ఆపేయకండి. గుడ్డు, వేరుశనగ, గోధుమ ఇప్పటికే ఏ ఇబ్బందీ లేకుండా తింటుంటే కొనసాగించండి. ఇలాంటి పిల్లల్లో తింటున్నదాన్ని భయంతో నెలల తరబడి ఆపేస్తే, ఆ తర్వాత దానికి కొత్తగా అలర్జీ మొదలయ్యే ప్రమాదం ఉంది. బాబు ఇంకా మీ పాలు తాగుతూ, మీరు పాలు పెరుగు తిన్న రోజుల్లో కూడా బాగానే ఉంటే, మీరు మీ తిండి మార్చుకోనక్కర్లేదు.

అత్తయ్యగారి మాటను ఊరికే కొట్టిపారేయలేం, అందులో ఒక సగం నిజం ఉంది. లాక్టోజ్ విషయంలో కొద్దికొద్దిగా తీసుకుంటూ పోతే పేగులోని బాక్టీరియా కొంత సర్దుకుంటాయి. అలర్జీకి కూడా మిల్లీగ్రాముల్లో కొలిచి పెంచుకుంటూ పోయే చికిత్స ఉంది. కానీ దాన్ని మొదలుపెట్టేది, మోతాదు పెంచేది ఆసుపత్రిలో, ప్రాణంమీదికి వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్ పక్కన పెట్టుకుని, ప్రతి మోతాదు తర్వాత కాపలా కాస్తూ. వంటింటి చెంచా లెక్క చూడండి: 5 మిల్లీలీటర్ల పాలలో ప్రోటీన్ సుమారు 160 మిల్లీగ్రాములు. నాలుగింతల నీళ్లు పోసిన మజ్జిగ అయినా చెంచాకు 30 మిల్లీగ్రాముల పైనే. బాగా సున్నితమైన పిల్లలు కొద్ది మిల్లీగ్రాములకే తిరగబడతారు. మనకు చెంచాడంటే కొంచెం, వాళ్ల ఒంటికి అది కొంచెం కాదు. పైగా ఈసారి ఇంజక్షన్‌తో తగ్గింది కాబట్టి వచ్చేసారీ అంతేనని చెప్పలేం. జ్వరం ఉన్న రోజున, ఖాళీ కడుపున అదే చెంచా మరింత తీవ్రంగా పనిచేయవచ్చు.

ఇరుగుపొరుగు చెప్పే మిగతా ఉపాయాలూ ఈ జల్లెడలోనే జారిపోతాయి. పాలను ఎంత మరిగించినా కేసిన్ చెక్కుచెదరదు. మేకపాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు ఎంత దగ్గరంటే, ఆవుపాలు పడని పిల్లల్లో పదిలో తొమ్మిదిమందికి పైగా అవీ పడవు. గేదెపాలూ అదే దారి. బెంగళూరులో నాటు ఆవు పాలంటూ ఎక్కువ ధరకు అమ్మే ఏ2 పాలలో తేడా ఒక్క బీటా కేసిన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లమే, మిగతా అంతా మామూలు పాలే. నెయ్యిలో ప్రోటీన్ చాలావరకు పోతుంది కానీ అడుగున మాడిన గోధుమరంగు మడ్డి ఉంటుంది చూడండి, అందులో పాల ప్రోటీన్ దండిగా ఉంటుంది. ఆ రేణువులు ఎంతో కొంత పైకీ వస్తాయి. ఇంట్లో కాచిన నెయ్యి ఎంత శుభ్రంగా వడకట్టినా నమ్మకం లేదు.

ఇప్పుడు పరీక్షలు. పిల్లల అలర్జీ చూసే డాక్టరు దగ్గరికి, ఆ రోజు క్లినిక్ చీటీతో సహా వెళ్లండి. ఆ ఇంజక్షన్ పేరేమిటో చూడటం అవసరం: ఇలాంటప్పుడు తరచుగా ఇచ్చేది ఫెనిరమైన్, డెక్సామెథాసోన్. అవి అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు కావు. డాక్టరు చర్మంమీద ప్రిక్ టెస్ట్ చేస్తారు. ముంజేతిమీదో వీపుమీదో పాలు, జీడిపప్పు సారం చుక్కలు వేసి సన్నటి మొనతో పైపైన గుచ్చి, 15 నుంచి 20 నిమిషాలు ఆగి ఉబ్బును కొలుస్తారు. ఏమీ లేని చుక్క దగ్గరి ఉబ్బుకంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. సెట్రిజిన్ లాంటి దురద మందు ఇస్తుంటే పరీక్షకు వారం ముందే ఆపాలి, లేకపోతే ఉన్న అలర్జీ కూడా కనబడదు. దగ్గు సిరప్పుల్లో కూడా ఇవి ఉంటాయి, సీసా తీసుకెళ్లి చూపించండి. తీవ్రంగా వచ్చిన వెంటనే చేస్తే ఫలితం తప్పుగా లేదని రావచ్చు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత నమ్మకంగా ఉంటుంది. మీకు నెల గడిచింది కాబట్టి సమయం సరిపోయింది. రక్తంలో పాలకూ జీడిపప్పుకూ విడివిడిగా ఐజీఈ కూడా చూస్తారు.

ఈ రెండు పరీక్షలూ చెప్పేది ఒంట్లో ఐజీఈ ఉందని మాత్రమే. అది ఉన్నవాళ్లందరికీ తింటే ఏదో అవుతుందని కాదు. పాయసం కథ లాంటి కథ తోడైతేనే ఆ అంకెకు విలువ. అందుకే యాభై, వంద ఆహారాలకు ఒకేసారి చేసే ప్యాకేజీ వద్దు. దానివల్ల తేలికగా తింటున్నవి కూడా నాలుగైదు పాజిటివ్ వచ్చి, పిల్లవాడి పళ్లెం ఖాళీ అవుతుంది. ఇంకా అన్యాయమైనది "ఆహార అసహనం" పేరుతో ఇంటికొచ్చి రక్తం తీసుకునే ఐజీజీ పరీక్ష. ఐజీఈ వేరు, ఐజీజీ వేరు, ఒక్క అక్షరంతో మోసపోతారు. మనం తరచుగా తినే ప్రతిదానికీ ఐజీజీ ఉండటం సహజం, అది జబ్బుకు గుర్తు కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఆహార సమస్యలు తేల్చడానికి దీన్ని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. ఆ డబ్బుతో అడ్రినలిన్ ఆంపూల్ కొనుక్కుంటే చాలా ఏళ్లకు సరిపడా వస్తాయి.

అడ్రినలిన్ గురించి కొంచెం నిదానంగా చదవండి. ఆగని వాంతులతో దద్దుర్లు, లేదా దద్దుర్లతో దగ్గు, పిల్లికూత, గొంతు బొంగురు, నాలుక వాపు, ఒళ్లు వదిలేయడం కనిపిస్తే ఇవ్వాల్సిన మొదటి మందు ఇదొక్కటే. తొడ మధ్యలో, వెలుపలి వైపు, కండలోకి. మోతాదు కిలోకు 0.01 మిల్లీగ్రాము. మన మందుల షాపుల్లో దొరికే ఆంపూల్‌లో 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటుంది, కాబట్టి 10 కిలోల మీ బాబుకు 0.1 మిల్లీలీటరు. అంటే ఆంపూల్‌లో పదో వంతు. కంగారులో మొత్తం ఎక్కిస్తే పదిరెట్లు మోతాదు అవుతుంది, అది గుండెకు ప్రమాదం. ఇన్సులిన్ సిరంజి వాడకండి, దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, సూదీ కండదాకా చేరదు. 1 మిల్లీలీటరు సిరంజికి డాక్టరు చెప్పిన సూది వేసుకోవాలి. నొక్కితే చాలు మోతాదు దానంతటదే దిగే పెన్నులు మన దగ్గర తేలిగ్గా దొరకవు కాబట్టి ఈ లెక్క తెలుసుకోక తప్పదు. డాక్టరు దగ్గర మీరిద్దరూ, అత్తయ్యగారు కూడా, నీళ్లతో నాలుగైదుసార్లు చేసి చూసి రండి. బాబు బరువు, మోతాదు గీత ఒక కాగితంమీద రాయించి డబ్బాకు అంటించండి. బరువు పెరిగే వయసు, మూడు నెలలకోసారి ఆ అంకె మార్చాలి. మందును వెలుతురు తగలకుండా, ఎండలో నిలిపిన కారులో పెట్టకుండా చూడండి.

ఇచ్చాక 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పెద్ద ఆసుపత్రి మరింత త్వరగా చేరగలమనుకుంటే బయలుదేరండి. మారతహళ్లి వంతెన దగ్గర సాయంత్రం ఏడింటికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు, అందుకే మందు ఇంట్లోనే పడాలి, దారిలో కాదు. పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని నిలబెట్టి ఉంచకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టండి. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు అదే కొలతతో. తగ్గిందని ఇంటికి వచ్చేయకండి, కొందరికి కొన్ని గంటల తర్వాత రెండోసారి తిరగబెడుతుంది, ఆసుపత్రిలో కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచుతారు. సెట్రిజిన్ దద్దుర్లకూ దురదకూ మాత్రమే. అది పనిచేయడానికి అరగంట పైనే పడుతుంది, మూసుకుపోతున్న గొంతును తెరవదు. "ముందు సెట్రిజిన్ వేసి చూద్దాం" అని ఆగిన అరగంటే అసలు ప్రమాదం.

ప్రతి దద్దురుకూ సూది తీయనక్కర్లేదు. పిల్లలకు వైరల్ జ్వరాల్లో కూడా దద్దుర్లు వస్తాయి. అవి తిండితో సంబంధం లేకుండా రోజుల తరబడి ఒకచోట పోయి ఇంకోచోట లేస్తుంటాయి. తిండివల్ల వచ్చేవి తిన్న వెంటనే లేచి సాధారణంగా ఒక్కరోజులో సర్దుకుంటాయి. రెండోవైపు ఒక మినహాయింపు కూడా తెలిసి ఉండాలి. కొందరు పసిపిల్లలకు పాలు తాగిన గంట నుంచి నాలుగు గంటల మధ్యలో ఆగకుండా వాంతులై తెల్లగా పాలిపోతారు, దద్దురు ఒక్కటీ ఉండదు, ప్రిక్ టెస్ట్ కూడా మామూలుగా వస్తుంది. అదీ ప్రోటీన్ అలర్జీయే, కాకపోతే ఐజీఈ దారిలో రాదు. మీ బాబుది ఆ రకం కాదు, కానీ "దద్దుర్లు లేవు కాబట్టి లాక్టోజ్ అరగకపోవడమే" అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి.

మామగారి విషయంలో ఇంత హడావిడి అక్కర్లేదు. రెండు వారాలు మామూలు పాలు మానేసి, మీవారు తెచ్చిన ప్యాకెట్ పాలతోనే కాఫీ ఇచ్చి చూడండి. గ్యాసు తగ్గితే, ఒక ఉదయం మామూలు పాలు గ్లాసు నిండా ఇచ్చి మళ్లీ చూడండి. తిరిగి వస్తే విషయం తేలినట్టే. తగ్గకపోతే కారణం పాలు కాకపోవచ్చు, ఉల్లి, శనగలు, గోధుమ కూడా పేగులో ఇలాగే పులుస్తాయి. ఆసుపత్రిలో తేల్చుకోవాలంటే 25 గ్రాముల లాక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది, మొదటి లెక్కకంటే 20 పీపీఎం పెరిగితే లాక్టోజ్ అరగలేదని అర్థం. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి విరేచనానికి లేవాల్సి వస్తున్నా గ్యాసని సరిపెట్టుకోక చూపించండి.

బాబుకు పాలు లేకపోతే ఎముకలెలా అని మీకు దిగులుంటుంది. ఈ వయసుకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో కొంతే ఒంటికి పడుతుంది కాబట్టి, రాగి సంగటి పెడుతున్నామని ఊరుకోకుండా సిరప్ అవసరమా అని డాక్టరును అడగండి. మీ పాలు ఇంకా ఇస్తుంటే అది పెద్ద ఆసరా. పాలకు బదులు ఏం ఇవ్వాలన్నది డాక్టరు, ఆహార నిపుణురాలు తేల్చాలి. బాదం పాలు, కొబ్బరిపాలు రంగులోనే పాలు, ప్రోటీన్‌లో కాదు.

బయటి తిండిలో పాలు దాక్కునే చోట్లు మన ఊళ్లో బాగానే ఉన్నాయి. రవ్వ ఇడ్లీ పిండిలో పెరుగుంటుంది. బెణ్ణె దోసె పెనంమీద మామూలు దోసె పోసినా వెన్న అంటుతుంది. బేకరీ బన్నులో పాలపొడి ఉంటుంది, పైన మెరుపుకోసం వెన్న రాస్తారు. దర్శిని హోటల్లో "తుప్ప హాకబేడి" అని చెప్పండి, కన్నడంలో నెయ్యి వేయొద్దని. పక్కింటివాళ్లకూ ఆయాకూ కన్నడంలో చెప్పేటప్పుడు పాలంటే హాలు ఒక్కటే అనకండి. పెరుగుకు మొసరు, మజ్జిగకు మజ్జిగె, వెన్నకు బెణ్ణె, నెయ్యికి తుప్ప అని అన్నీ విడివిడిగా పేర్లు పెట్టి చెప్పండి, "పాలు ఇవ్వలేదమ్మా, మజ్జిగన్నమే పెట్టా" అనే మాట అందరిళ్లలోనూ వినిపిస్తుంది. ప్యాకెట్ సరుకులమీద పాలు ఉంటే ఆ సంగతి విడిగా రాయాలని ఆహార ప్రమాణాల నియమం ఉంది. పదార్థాల వరుసలో వే, కేసిన్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్ అన్న మాటలు కనిపించినా అవి పాలే.

చాలామంది పిల్లలకు పాల అలర్జీ బడి వయసు వచ్చేసరికి పోతుంది. పోయిందా లేదా అన్నది ఏటా ఒకసారి పరీక్ష చేసి, అంకెలు తగ్గితే ఆసుపత్రిలోనే కొలిచి తినిపించి చూస్తారు. గోధుమపిండిలో కలిపి ఓవెన్‌లో అరగంట కాల్చిన పాలను సగానికి పైగా పిల్లలు ముందే తట్టుకుంటారు కాబట్టి సాధారణంగా మొదటి మెట్టు అదే. కేకుతో ఇంట్లో మీరే ఆ మెట్టు ఎక్కించకండి.

ఈలోగా మామగారు తన పెరుగన్నం మానుకోనక్కర్లేదు. తిన్నాక సబ్బుతో చేతులు కడిగి, నోరు పుక్కిలించి, మూతి తుడుచుకున్నాకే మనవణ్ణి ముద్దుపెట్టుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో పాల ప్రోటీన్ పోదు, నీళ్లూ సబ్బే కావాలి. ఆయన పళ్లెం, చెంచా బాబుకు అందని చోట ఉంచండి. ఈ వయసులో చేతికందిన చెంచా నేరుగా నోట్లోకే వెళ్తుంది.